రెండు కొంటే ఒకటి ఉచితమా, ఫ్లాట్ 25 శాతమా? వంద గ్రాములకు ఎంత పడిందో చూడండి

ప్రశ్న: "వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా వీధి చివర సూపర్ మార్కెట్లో ఓట్స్ 400 గ్రాముల ప్యాకెట్, ఎమ్మార్పీ 96 రూపాయలు, రెండు కొంటే ఒకటి ఫ్రీ అని పెట్టారు. మద్దిలపాలెంలో ఇంకో షాపులో అదే కంపెనీ ఓట్స్ మీద ఫ్లాట్ 25 శాతం తగ్గింపు. ఇంట్లో మేమిద్దరమే, వారానికి మూడు రోజులు పొద్దున్న ఓట్సే. మా ఆయన ఫ్లాటే మంచిదంటారు. నాకేమో ఫ్రీ వదలబుద్ధి కావట్లేదు. ఏది లాభం?"

నమస్తే అండి. మీరు చెప్పిన 400 గ్రాముల ప్యాకెట్ వరకే చూస్తే మీ లెక్కే కరెక్టు. మూడు ప్యాకెట్లూ మీరు తినేస్తారు కాబట్టి రెండు కొంటే ఒకటి ఫ్రీయే చవక. అయితే మద్దిలపాలెం షాపులో కిలో ప్యాకెట్ కూడా ఉండి, దానికీ ఆ 25 శాతం వర్తిస్తుంటే మీవారి మాట నెగ్గే అవకాశం ఉంది. విశాఖలో సూపర్ మార్కెట్లకు సరుకు కొనే పనిలో చాలాకాలం ఉన్నాను. ఇలాంటి స్కీములు ఎలా పడతాయో, బిల్లులో ఎలా దిగుతాయో దగ్గర్నుంచి చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు మీ ప్యాకెట్ సంగతి. మీ వీధి చివరి షాపులో రెండింటికి 192 రూపాయలు కట్టి మూడు ప్యాకెట్లు, అంటే 1200 గ్రాములు ఇంటికి తెస్తారు. వంద గ్రాములకు 16 రూపాయలు పడింది. మద్దిలపాలెంలో 96 మీద 25 శాతం పోతే ప్యాకెట్ 72 రూపాయలు, వంద గ్రాములకు 18. మూడు ప్యాకెట్లు అక్కడ కొంటే 216 అవుతుంది. అంటే మీ వీధిలోనే కొంటే 24 రూపాయలు మిగులుతాయి. ఓట్స్ కోసమే మద్దిలపాలెం ఆటో ఎక్కితే ఆ తేడా మరీ పెరుగుతుంది.

రెండు కొంటే ఒకటి ఫ్రీ అంటే ఎంత శాతం తగ్గింపు? చాలామంది 50 శాతం అనుకుంటారు, ఎందుకంటే మనసులో ఆ ఫ్రీ ప్యాకెట్‌ను మనం డబ్బు కట్టిన రెండింటితో పోల్చుకుంటారు. పోల్చాల్సింది చేతికొచ్చిన మొత్తంతో. మూడింటిలో ఒకటి ఫ్రీ కాబట్టి అది మూడో వంతు, 33 శాతం పైచిలుకు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అయితేనే సరిగ్గా 50 శాతం. మూడు కొంటే ఒకటి ఫ్రీ అయితే 25 శాతమే. అంటే మీవారు చెప్పే ఫ్లాట్ 25తో సమానమయ్యే స్కీము మూడు కొంటే ఒకటి. మీ వీధిలో ఉన్నది దానికంటే మంచిదే.

ఇక్కడే ఒక షరతు ఉంది. ఆ 33 శాతం మూడూ వాడుకుంటేనే నిజం. ఫ్లాట్ తగ్గింపు ఒక్క ప్యాకెట్ కొన్నా దక్కుతుంది. ఫ్రీ స్కీములో తగ్గింపంతా ఆ మూడో ప్యాకెట్లోనే ఉంటుంది. అది అల్మరాలో మూలకు చేరి పురుగు పట్టిందంటే మీరు రెండు ప్యాకెట్లకు పూర్తి ఎమ్మార్పీ, 192 రూపాయలు, కట్టినట్టే. అవే రెండు మద్దిలపాలెంలో 144కే వచ్చేవి. మూడోది తింటే 24 లాభం, పారేస్తే 48 నష్టం. నష్టం లాభానికి రెట్టింపు ఉందని గమనించండి. ఫ్రీ అన్న మాట ఈ తేడాను కనిపించనివ్వదు.

మరి మూడో దానిలో ఎంత వాడితే గిట్టుబాటు? 192ని ఫ్లాట్ ధర 72తో భాగించండి. రెండు ప్యాకెట్లూ, మూడో దానిలో మూడింట రెండు వంతులూ వస్తుంది. అంటే ఆ మూడో ప్యాకెట్లో సుమారు 270 గ్రాములైనా మీ కడుపులోకి వెళ్లాలి. అక్కడికి రెండు షాపులూ సమానం. ఆ పైన తిన్నదంతా మీకు మిగులు. ఎదుటి షాపులో తగ్గింపు పెరిగేకొద్దీ ఈ గీత పైకి పోతుంది. అక్కడ 10 శాతమే ఇస్తుంటే మూడో దానిలో పావు వంతు వాడినా చాలు. 20 శాతమైతే సగం వాడాలి. 33 శాతం దాటితే మూడూ పూర్తిగా వాడినా ఫ్రీ స్కీము ఓడిపోతుంది. ఏ వస్తువుకైనా ఈ లెక్క ఇంతే, ఎమ్మార్పీ ఎంతున్నా మారదు.

మీ విషయంలో మూడో ప్యాకెట్ మిగిలిపోయే భయం లేదు. మనిషికి ఒక పూటకు సుమారు 40 గ్రాములు అనుకుంటే ఇద్దరికి 80, వారానికి మూడు రోజులంటే 240 గ్రాములు. 1200 గ్రాములు ఐదు వారాల్లో అయిపోతాయి. ఒక్కో ప్యాకెట్ పన్నెండు రోజులు వస్తుంది. తెరిచింది అయిపోయేదాకా మిగతా రెండూ సీలుతోనే ఉంటాయి. మన ఊరి గాలికి ఇది పెద్ద మేలు. సముద్రం పక్కన కావడంతో వానాకాలంలో మూత తెరిచిన ఓట్స్, అటుకులు, బిస్కెట్లు ఎంత త్వరగా మెత్తబడతాయో ఎంవీపీలో ఉండేవారికి నేను చెప్పక్కర్లేదు.

అదే పనీర్ అయితే నా జవాబు మారిపోయేది. 200 గ్రాముల పనీర్ ఎమ్మార్పీ 100 రూపాయలు, రెండు కొంటే ఒకటి ఫ్రీ అనుకోండి. పక్క షాపులో ఫ్లాట్ 20. మూడో ప్యాకెట్లో సగమైనా గడువులోపు వండుకోవాలి. ఇద్దరున్న ఇంట్లో 500 గ్రాముల పనీర్ ఆ కొద్ది రోజుల్లో అవ్వడం కష్టం. అలాంటప్పుడు ఒక్కటే 80కి తెచ్చుకోవడం మేలు. చల్లటి అరలో ఉండే పనీర్, వెన్న, రుచి కలిపిన పెరుగు మీద ఇలాంటి స్కీము కనిపిస్తే ముందు డేటు తిప్పి చూడండి. కంపెనీలు అమ్మకాలు పెంచుకోవడానికి ఈ స్కీములు ఇస్తాయి, అందులో తప్పేమీ లేదు. గడువు దగ్గరపడిన సరుకు కదిలించడానికి కూడా ఇదే దారి. షాపువాళ్లకు ఒక్కటి అమ్మేచోట మూడు కదులుతాయి. మూడు ప్యాకెట్లూ ఒకే బ్యాచ్‌వి కావాలని లేదు. మీరు తీసుకున్న మూడింటి మీదా విడివిడిగా డేట్లు చూడండి. ముందు వరసలో పాత సరుకు, వెనక కొత్తది పెట్టడం అన్ని షాపుల్లోనూ మామూలే.

ఇక కిలో ప్యాకెట్ విషయం. మీ ప్రశ్నలో అసలు డబ్బు దాగింది ఇక్కడే. ఫ్రీ స్కీములు ఎక్కువగా చిన్న, మధ్య సైజుల మీద పడతాయి. పెద్ద సైజుకు ఎమ్మార్పీలోనే గ్రాము ధర తక్కువ ఉంటుంది. ఉదాహరణకు కిలో ప్యాకెట్ ఎమ్మార్పీ 190 అనుకుందాం. దాని మీద 25 శాతం పోతే 142 రూపాయల 50 పైసలు, వంద గ్రాములకు 14 రూపాయల పావలా. మీ వీధిలో ఫ్రీతో కలిపి వంద గ్రాములకు పడింది 16. అంటే ఫ్రీ ఏమీ లేని కిలో ప్యాకెట్టే చవక. పైగా ఒక్కసారిగా చేతి నుంచి పోయే డబ్బు కూడా 50 రూపాయలు తక్కువ. అందుకే ఫ్రీ స్కీమును అదే సైజు ఫ్లాట్ తగ్గింపుతో పోల్చి వదిలేయొద్దంటాను. పక్క అరలో ఉన్న పెద్ద సైజుతో కూడా పోల్చాలి.

దీనికి షాపులో ఫోన్ తీసి లెక్కలు వేసుకునే అవస్థ కూడా పెద్దగా లేదు. ప్యాకెట్ మీద యూనిట్ ధర అచ్చువేయాలని లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెబుతున్నాయి. సాధారణంగా ఎమ్మార్పీ దగ్గరే యూఎస్‌పీ అని ఉంటుంది. కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాముకు ఎంతో, కిలో దాటితే కిలోకు ఎంతో వేస్తారు. ద్రవాలకు మిల్లీలీటరుకో లీటరుకో, లెక్కపెట్టి అమ్మే వాటికి ఒక్కోదానికి. మీ 400 గ్రాముల ప్యాకెట్ మీద గ్రాముకు 0.24 రూపాయలు అని ఉంటుంది. సరిగ్గా కిలో ప్యాకెట్ మీద విడిగా వేయకపోవచ్చు, ఎందుకంటే ఎమ్మార్పీయే కిలో ధర. అందుకే పోల్చేటప్పుడు 0.24ను వెయ్యితో హెచ్చించి కిలో 240 అని మనసులో పెట్టుకోండి. అప్పుడు 240, 190 పక్కపక్కన నిలబడతాయి.

ఒక్క జాగ్రత్త. ఆ అచ్చైన ధర ఎమ్మార్పీ మీద వేసింది. ఆఫర్ సంగతి దానికి తెలియదు. రెండు కొంటే ఒకటి ఫ్రీ ఉంటే ఆ అంకెను రెండుతో హెచ్చించి మూడుతో భాగించండి. 240 కాస్తా 160 అవుతుంది. ఫ్లాట్ 25 అయితే నాలుగో వంతు తీసేయండి. 240 నుంచి 180, 190 నుంచి 142.50. మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఏది చవకో తెలిసిపోతుంది. గ్రాములు ఎన్నో, ప్యాకెట్లు ఎన్నో మళ్లీ లెక్కించే పని లేదు.

అలాగని కిలో ప్యాకెట్ మీకు తప్పకుండా మేలని కూడా అనను. మీ వాడకంలో అది తెరిచాక నాలుగు వారాలకు పైగా ఉంటుంది. వేసవి వరకు ఫర్వాలేదు. జూలై, ఆగస్టుల్లో అయితే గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, తడి చెంచా తగలకుండా చూసుకోగలిగితేనే తీసుకోండి. లేదంటే సీలు ఉన్న మూడు చిన్న ప్యాకెట్లకు కిలోకు 17 రూపాయలు ఎక్కువ పెట్టడం నా దృష్టిలో సబబే. వానాకాలంలో మా ఇంట్లో నేను చేసేదీ అదే.

శాతం అనగానే దేని మీద శాతం అని కూడా అడగాలి. మీ వీధి స్కీములో లెక్క ఎమ్మార్పీ మీద. కానీ ఆఫర్ లేని రోజుల్లో అదే ప్యాకెట్ మీకు ఎంతకు దొరుకుతోంది? మన కిరాణా కొట్లలో, పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వైపు వెళితే ఇంకా ఎక్కువగా, ఎమ్మార్పీ మీద నాలుగు రూపాయలు తగ్గించి ఇవ్వడం మామూలే. మీ కొట్టతను రోజూ 90కే ఇస్తున్నాడనుకోండి. అప్పుడు ఫ్రీ స్కీములో ఒక్కోటి 64 పడితే మీకు నిజంగా తగ్గింది 26 రూపాయలు, 90 మీద 29 శాతం దగ్గర. 33 కాదు. ఫ్లాట్ 25కీ ఇదే వర్తిస్తుంది. 72కు వచ్చిన ప్యాకెట్ 90 మీద సరిగ్గా 20 శాతం తగ్గింపు. ఏ షాపు బోర్డు మీద ఎంత శాతం రాసినా, మీరు రోజూ కట్టే ధరతో పోల్చుకున్నదే మీ లాభం. సూపర్ మార్కెట్లలో ఇంకో సంగతి గమనిస్తారు. మామూలు రోజుల్లో కొంత తగ్గించి అమ్మే వస్తువును ఫ్రీ స్కీము పడిన రోజుల్లో పూర్తి ఎమ్మార్పీకి బిల్లు వేస్తారు. అది నేరం కాదు, మోసమూ కాదు. కానీ తగ్గింపులో కొంత భాగం ముందు వారం నుంచే మీకు దక్కుతున్నదే అని గుర్తుంటే ఒకటికి రెండు పట్టుకెళ్లే తొందర తగ్గుతుంది.

రకాలు కలిపి తీసుకునే స్కీములో లెక్క ఇంకా జారిపోతుంది. "ఏవైనా మూడు తీసుకోండి, రెండింటికే డబ్బు" అన్నప్పుడు ఫ్రీ అయ్యేది మామూలుగా తక్కువ ధర ఉన్నదే. 96 రూపాయల ఓట్స్ రెండు, 60 రూపాయల మసాలా ఓట్స్ ఒకటి తీసుకుంటే మొత్తం 252లో మీకు పోయేది 60. అది 24 శాతం కూడా లేదు, ఫ్లాట్ 25 కంటే తక్కువ. మూడూ ఒకే ధరవి అయితేనే పూర్తి 33 వస్తుంది. ఆషాఢం సేల్స్‌లో బట్టల షాపుల దగ్గర ఇది పెద్ద మొత్తాల్లో జరుగుతుంది. జగదాంబ, ద్వారకానగర్ వైపు ఆషాఢంలో వెళితే ఎటు చూసినా ఇవే బోర్డులు. 1499, 1199, 799 చొప్పున మూడు కుర్తీలు తీసుకుంటే ఫ్రీ అయ్యేది 799. మొత్తం 3497 మీద అది 23 శాతం లోపే. పక్క షాపులో ఫ్లాట్ 30 ఉంటే అదే సరుకు అక్కడ 250 రూపాయల చిల్లర తక్కువకు వస్తుంది. ఫ్రీ షాపులోనే తీసుకోవాలనుకుంటే మూడూ దగ్గర దగ్గర ధరల్లో ఎంచుకోండి. ఒకటి ఖరీదైనది, ఒకటి చవకది నచ్చితే చవకదాన్ని ఆ మూడింటిలో కలపకండి. ఇంటికి ఇంకొకరు కూడా కొనుక్కుంటుంటే ఖరీదైన మూడూ ఒక బిల్లు, చవకవి మూడూ ఇంకో బిల్లు చేయించుకోవచ్చు. బిల్లులు విడగొట్టడానికి చాలా షాపులు ఒప్పుకుంటాయి, అడగడమే ఆలస్యం.

ఇక బిల్లు దగ్గర. ఆఫర్ ఉన్నా బిల్లులో పడకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఎమ్మార్పీ తేడా. ఒకే వస్తువు, ఒకే బార్‌కోడ్, కానీ పాత సరుకు మీద ఒక ఎమ్మార్పీ, కొత్తదాని మీద ఇంకొకటి. స్కాన్ చేయగానే కంప్యూటర్‌లో రెండు ధరలూ వస్తాయి, కౌంటర్ దగ్గర అమ్మాయి అందులో ఒకటి ఎంచుకోవాలి. స్కీము ఒక ధరకే ఎక్కించి ఉంటే మీ మూడు ప్యాకెట్లలో ఒకటి వేరే ధరది అయినప్పుడు ఫ్రీ పడదు, మూడింటికీ డబ్బు లాగేస్తుంది. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు ఇలా రెండు ధరలు పక్కపక్కన కనిపించడం మరీ ఎక్కువైంది. అందుకని మూడు ప్యాకెట్లూ అరలోంచి తీసేటప్పుడే ఎమ్మార్పీలు ఒకటేనా అని చూసుకోండి. రుచి మారినా, ప్యాకెట్ మీద గ్రాములు మారినా అది వేరే వస్తువే. 400 గ్రాములది రెండు, అదనపు గ్రాములిస్తున్న 450 గ్రాములది ఒకటి కలిపి తీసుకెళితే స్కీము తప్పిపోవచ్చు.

బిల్లు చేతికి రాగానే కౌంటర్ దగ్గరే ఒక్కసారి చూడండి. కొన్ని షాపుల్లో మూడు ప్యాకెట్లు 288 అని వేసి కింద 96 తీసేసినట్టు చూపిస్తారు. కొన్నిచోట్ల మూడో దానికి సున్నా అని ఉంటుంది. ఈ రెండూ సరైనవే. ఓట్స్ వరసలో మీరు కట్టింది 192 అవునా కాదా అన్నదొక్కటే చూడాలి. కాకపోతే అక్కడే చెప్పండి. గేటు దాటాక వచ్చి అడిగితే సరిచేయడానికి వాళ్లకూ ఇబ్బందే, మేనేజర్ కోసం మీరు నిలబడాలి. అరకు అంటించిన ఆఫర్ చీటీని వెళ్లే ముందే ఫోన్లో ఫొటో తీసుకుంటే వాదన ఉండదు. చీటీ కింద చిన్న అక్షరాల్లో ఫలానా తేదీ వరకే అనో, ఇంత బిల్లు దాటితేనే అనో ఉందేమో కూడా ఆ ఫొటోలోనే చదువుకోవచ్చు. మద్దిలపాలెం షాపు ఫ్లాట్ 25కి ఇంత మొత్తం దాటాలన్న షరతు ఉంటే, ఆ మొత్తం కోసం అక్కర్లేనివి బుట్టలో వేసుకోవాల్సి వస్తుంది. అప్పుడు నా లెక్క మొత్తం పక్కన పెట్టి మీ వీధి షాపుకే వెళ్లండి.

బోర్డు మీద ఆఫర్ ఉండి, మీరు షరతులన్నీ పాటించినా షాపు ఇవ్వనంటే, లేదా ఎమ్మార్పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా, బిల్లు, చీటీ ఫొటో దగ్గర ఉంచుకుని 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది ఇది. మద్దిలపాలెం షాపుకు ఫోన్ చేసి కిలో ప్యాకెట్ ఉందా, ఎమ్మార్పీ ఎంత, దానికి 25 శాతం ఉందా అని అడగండి. 25 శాతం పోయాక కిలో 160 లోపు పడితే, ఇంట్లో గట్టి డబ్బా ఉంటే, అటు వేరే పని మీద వెళ్లినప్పుడు తెచ్చుకోండి. 160 దాటితే మీ వీధి చివరే మూడు ప్యాకెట్లు, ఒకే ఎమ్మార్పీవి, డేటు రెండు మూడు నెలలైనా ఉన్నవి చూసి తీసుకోండి.